అంచులు సరిగ్గానే కలుస్తున్నాయి, అయినా గుడ్డ మీద దారులు పడుతున్నాయి. రిపీట్ ఎక్కడ తప్పుతోంది?

నీలిమేఘం
కుర్తీ గుడ్డకి ఒక పూల డిజైన్ చేశాను. ముదురు నీలం నేల, దాని మీద తెల్ల నందివర్ధనం పూలు, ఆకులు, మొగ్గలు, ఒక మూల ఎర్రగా ఒక ఆరుద్ర పురుగు. మళ్లీ మళ్లీ పక్కపక్కన పడే ముక్క, అంటే టైల్, 12 అంగుళాల చదరం. పెద్ద పువ్వు అడ్డం 7 సెం.మీ. కాటన్ మీద రోటరీ ప్రింట్, 1500 మీటర్ల ఆర్డర్.

మిల్లు వాళ్లు ఫైల్ వెనక్కి పంపారు. "రిపీట్ 64కి రావాలి. రంగులు 11 ఉన్నాయి, 6 చేయండి." అంతే, ఇంకో ముక్క లేదు. ఫోన్ చేస్తే డిజైనర్ అయ్యుండి ఇది కూడా తెలీదా అన్నట్టు మాట్లాడారు.

దీనికి తోడు ఇంకో బాధ. టైల్‌ని మూడు వరసలు మూడు నిలువులు పేర్చి కాగితం మీద ప్రింట్ తీసి గోడకి అంటించాను. దగ్గర్నుంచి బాగానే ఉంది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తే నీలం దారులు అడ్డంగా, నిలువుగా కిటికీ చువ్వల్లా కనిపిస్తున్నాయి. ఫోటోషాప్‌లో Filter > Other > Offset పెట్టి చూశాను, అంచుల దగ్గర ఏదీ తెగలేదు. మరి ఈ దారులు ఎక్కడివి? 64 దేని లెక్క? 11 రంగులు 6 చేస్తే డిజైన్‌లో ఏం మిగులుతుంది?

పిక్సెల్‌పంతులు
రిజల్యూషన్ తక్కువ పెట్టి ఉంటారు. 300 డీపీఐ పెట్టండి, 12 అంగుళాలకి 3600 పిక్సెల్స్, చక్కగా సరి సంఖ్య. Offset లో అడ్డం 1800, నిలువు 1800, కింద Wrap Around. మధ్యలోకి వచ్చిన అతుకుని బ్రష్‌తో సరిచేయండి. గీత పోతుంది. నేను చేసేవన్నీ ఇలాగే, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

నీలిమేఘం
నాది 300 డీపీఐనే. Offset కూడా అలాగే చేశాను. అతుకు లేదండీ, దారి ఉంది.

బాబ్జీ_కాకినాడ
వాల్‌పేపర్‌కి కూడా ఇదే పద్ధతా? నా ఫోన్‌లో పూల బొమ్మ పెడితే పక్కకి జరిపినప్పుడు మధ్యలో తెగినట్టు కనిపిస్తోంది. ఏ సైజు పెట్టాలి?

గోడలరాజు
బాబ్జీ, ఇక్కడ మాట్లాడేది గోడకి అంటించే కాగితం, ఒంటికి వేసుకునే గుడ్డ. నీ ఫోన్ సంగతి మొబైల్ విభాగంలో అడుగు తమ్ముడూ, అక్కడ నిమిషంలో చెప్తారు.

బాబ్జీ_కాకినాడ
సరే అన్నా. కానీ చదువుతా ఉంటాను, బాగుంది.

రోటరీ_రావు
64 అంటే 64 సెంటీమీటర్లు. రోటరీలో స్క్రీన్ అంటే చుట్టూ సన్నటి రంధ్రాలున్న నికెల్ గొట్టం. రంగు లోపల్నుంచి బయటికి వస్తుంది. ఆ గొట్టం చుట్టుకొలత 64 సెం.మీ. ఒక్క చుట్టు తిరిగేసరికి డిజైన్ ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలవాలి. అందుకని నిలువు రిపీట్ 64 గానీ, 64ని నిశ్శేషంగా భాగించేది గానీ అయి తీరాలి. 32, 21.33, 16. మధ్యస్తంగా ఏదో ఒకటి కుదరదు. పెద్ద గొట్టాలు కూడా ఉన్నాయి, 82, 91.4, 101.8 సెం.మీ. కానీ చాలా యూనిట్లలో నడిచేది 64 మాత్రమే. గీయడం మొదలుపెట్టే ముందే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. అడ్డానికి ఈ బంధం లేదు, గుడ్డ పన్నా ఉన్నంతవరకు పోతుంది.

మీ 12 అంగుళాలు 30.48 సెం.మీ. 64లో రెండుసార్లు పోగా మూడు సెంటీమీటర్ల చిల్లర మిగులుతుంది. అందుకే వెనక్కి పంపారు. మీకు రెండు దార్లు. 32కి పెంచితే 5 శాతం పెరుగుతుంది, 7 సెం.మీ. పువ్వు 7.35 అవుతుంది, ఎవరికీ తేడా తెలీదు. 21.33కి తగ్గిస్తే 70 శాతమే మిగులుతుంది, పువ్వు 4.9 అవుతుంది. అప్పుడది వేరే గుడ్డ కిందే లెక్క.

300 డీపీఐ గురించి ఒక మాట. పంతులుగారి లెక్క అంగుళాల్లో సరిపోతుంది, మన గొట్టం సెంటీమీటర్లలో ఉంది. 32 సెం.మీ. ని 300 డీపీఐలో లెక్కకడితే 3779.5 పిక్సెల్స్. సగం పిక్సెల్ అంటూ ఉండదు కదా. సాఫ్ట్‌వేర్ దాన్ని అటో ఇటో లాగుతుంది, అంచు దగ్గర పాక్షికంగా నిండిన పిక్సెల్ వరస తయారవుతుంది. మీటర్ల కొద్దీ గుడ్డ మీద అదే దారప్పోగంత గీతగా తేలుతుంది. 254 డీపీఐ పెట్టుకోండి. ఒక సెంటీమీటరుకి సరిగ్గా 100 పిక్సెల్స్. 32 సెం.మీ. అంటే 3200, సగం 1600. ఎక్కడా చిల్లర ఉండదు.

పిక్సెల్‌పంతులు
254 సంగతి నాకు తెలీదు, బాగుంది. నేను చేసేవన్నీ అంగుళాల్లో అడిగే వెబ్‌సైట్లకి, అందుకే ఎప్పుడూ తగల్లేదేమో. అయితే గీత కారణం అదేగా, నేను చెప్పినట్టు పిక్సెల్సే.

రోటరీ_రావు
కాదండీ, ఆవిడ చెప్పేది వేరే జబ్బు. పిక్సెల్ గీత దగ్గరికి జూమ్ చేస్తే కనిపిస్తుంది, దూరం నుంచి చూస్తే మాయమవుతుంది. దారి దీనికి తలకిందులు. జూమ్ చేస్తే ఏమీ ఉండదు, నాలుగడుగులు వెనక్కి వేస్తే బయటపడుతుంది. ఆవిడ గుమ్మం దగ్గర్నుంచి చూసి పట్టుకున్నారు. కాబట్టి అది ఖాళీ సమస్య.

నీలిమేఘంగారూ, ఒకటి చెప్పండి. మీ టైల్ అంచు మీద ఎన్ని పూలు పడ్డాయి? అంటే సగం ఈ అంచున, మిగతా సగం అవతలి అంచున ఉన్నవి?

నీలిమేఘం
పూలు ఒక్కటీ లేదు. ఆకుల కొసలు రెండు మూడు దాటాయి. పువ్వు తెగిపోతుందేమోనని అన్నీ లోపలే సర్దాను.

రోటరీ_రావు
దొరికింది. అన్నీ లోపల సర్దితే అంచు పొడవునా ఒక ఖాళీ పట్టీ మిగులుతుంది. టైల్‌లో చూస్తే అది మామూలు మార్జిన్ లాగే ఉంటుంది. పక్కన ఇంకో టైల్ వచ్చేసరికి రెండు మార్జిన్లూ కలిసి రెండింతల దారి అవుతుంది. అంచులు కలవడం వేరు, అంచు కనిపించకపోవడం వేరు. Offset మొదటిదాన్నే పరీక్షిస్తుంది.

మేం చేసే పద్ధతి చెప్తాను. ఖాళీ టైల్‌లో మొదటి పువ్వుని మూల మీదే పెట్టాలి, నాలుగు మూలలకీ నాలుగు ముక్కలు వెళ్లేట్టు. రెండోది పై అంచు మీద, మూడోది పక్క అంచు మీద. ముందు అంచులు నింపి ఆ తర్వాతే మధ్యకి రావాలి. కంప్యూటర్ లేని రోజుల్లో కాగితాన్ని నిలువుగా, అడ్డంగా నాలుగు ముక్కలు కోసి, ముక్కలు అటూ ఇటూ మార్చి అతికించి, మధ్యలో మిగిలిన ఖాళీలో గీసేవాళ్లం. Offset చేసేది అదే పని. మీరు దాన్ని చివర్లో తనిఖీకి వాడారు, మేం మధ్యలోనే వాడి ఆ ఖాళీలో కొత్త బొమ్మలు గీస్తాం.

పెడన_కుర్రాడు
మా పెడనలో అచ్చు చెక్కేవాళ్లు కూడా ఇంతే. మా నాన్న కలంకారీ అద్దకం పనిలో ఉన్నారు. టేకు అచ్చు చూస్తే దాని అంచు ఎప్పుడూ తిన్నగా ఉండదు. తీగ ఒక పక్క బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, రెండో పక్క అంతే మేర లోపలికి తొలిచి ఉంటుంది. పక్కపక్కన అద్దితే ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి. తిన్నగా కోసిన చతురస్రం అచ్చుతో అద్దితే గుడ్డ మీద గళ్లు కనపడతాయని నాన్న అంటారు. అచ్చు మూలల్లో చిన్న చుక్కలుంటాయి, కిందటి అద్దకం చుక్క మీద ఈసారి చుక్క పడాలి. అదే మా కొలత.

కత్తెర_కమల
రావుగారు పువ్వు 4.9 అయితే వేరే గుడ్డ కిందే లెక్క అన్నారు. నాకైతే ఆ వేరే గుడ్డే కావాలి. గుంటూరులో పదిహేనేళ్లుగా కుర్తీలు కుడుతున్నాను. మూడు అంగుళాల గుండ్రటి తెల్ల పువ్వు ముదురు నేల మీద ఉంటే కటింగ్‌లో నా ప్రాణం తీస్తుంది. ముందు భాగంలో ఆ పూలు ఎక్కడ పడతాయో చూసుకుని కత్తెర పెట్టాలి. ఛాతీకి రెండు పక్కలా జంటగా పడితే ఆ కుర్తీ ఎవరూ వేసుకోరు. దాన్ని తప్పించడానికి గుడ్డ జరిపితే ఒక్కో కుర్తీకి జానెడు పోతుంది. పువ్వు రెండంగుళాలు ఉంటే ఈ గొడవే లేదు, ఎక్కడ పడినా చెల్లుతుంది.

ఇంకోటి, పూలన్నీ తల పైకి పెట్టుకుని ఉన్నాయా? ఉంటే అన్ని ముక్కలూ ఒకే దిక్కుగా కోయాలి. తలకిందులుగా పెట్టి కోసే వీలుండదు, గుడ్డ ఇంకా ఎక్కువ పడుతుంది. దుకాణం వాళ్లు కొనేటప్పుడు ఇది చూడరు, మా దగ్గరికి వచ్చాక ఏడుస్తారు.

నీలిమేఘం
అన్నీ పైకే ఉన్నాయి కమలగారూ. నందివర్ధనానికి కాడ ఉంటుంది కదా, తలకిందులైతే ఏం బాగుంటుందనుకున్నాను. పెద్ద పువ్వు మాత్రం వదులుకోలేను. ఆ రేకుల మెలిక కనిపించాలనే ఈ డిజైన్ మొదలుపెట్టాను. 4.9కి తగ్గిస్తే మామూలు చుక్కల గుడ్డ అయిపోతుంది.

కత్తెర_కమల
అయితే ఒక పని చేయండి. ఆ రెండు సైజుల్లోనూ అసలు కొలతకి కాగితం ప్రింట్ తీసి, కుర్తీ ముందు భాగం ఆకారంలో కోసి, ఒంటికి పిన్ను పెట్టుకుని నిలువుటద్దం ముందు ఆరడుగుల దూరంలో నిలబడండి. తెర మీద చూసి సైజు తేల్చకండి. తెర మీద అన్నీ బాగానే ఉంటాయి.

డల్లాస్_లత
ఇంత కష్టమెందుకు? డిజిటల్ ప్రింట్‌కి ఇవ్వండి. నేను క్విల్ట్ గుడ్డలు అలాగే వేయిస్తాను. ఏ సైజు రిపీట్ అయినా తీసుకుంటారు, రంగులకి లెక్కే లేదు, వాటర్‌కలర్ బొమ్మ యథాతథంగా వస్తుంది. ఒక్క గజం కూడా వేస్తారు.

రోటరీ_రావు
లతమ్మా, గజం, పది గజాలకి మీ మాట నిజం. ఆవిడది 1500 మీటర్లు. స్క్రీన్ల ఖర్చు ఒక్కసారే, అది అన్ని మీటర్ల మీదా పరుచుకుంటుంది. డిజిటల్‌లో ప్రతి మీటరుకీ సిరా ఖర్చు అంతే ఉంటుంది. ఏ మీటరు దగ్గర ఏది చవకో ఇద్దరి దగ్గరా కొటేషన్ తీసుకుంటేనే తేలుతుంది. అయినా డిజిటల్‌కి పోతే 64 సెం.మీ. బాధ పోతుంది, రంగుల బాధ పోతుంది గానీ, దారులు మాత్రం పోవు. ఖాళీ ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

డల్లాస్_లత
దారుల మాట ఒప్పుకుంటాను. నా మొదటి గుడ్డలో పక్షి బొమ్మ ఒక్కటే ఎర్రగా ఉండేది. దుప్పటి పరిచాక పక్షులు సైనికుల్లా వరసలు కట్టాయి. పూలని ఎవరూ చూడలేదు, అందరూ పక్షుల్ని లెక్కపెట్టారు.

రోటరీ_రావు
అదే ఆరుద్ర పురుగు సమస్య కూడా. టైల్ మొత్తంలో ఒక్కటే ఎరుపు ఉంటే కన్ను దాన్నే పట్టుకుని దూకుతుంది, 32 సెం.మీ. కి ఒకసారి అడ్డంగా, నిలువుగా. డిజైన్ ఎంత బాగా కలిపినా టైల్ సైజు ఎంతో ఆ పురుగే చెప్పేస్తుంది. తీసేయండి, లేదా నాలుగైదు చోట్ల వేరు వేరు దూరాల్లో పెట్టండి.

బాబ్జీ_కాకినాడ
పురుగుని తీయకండి అక్కా. ఇసక నేలలో తొలకరికి వచ్చే పురుగు అది, గుడ్డ మీద ఎక్కడా చూడలేదు.

నీలిమేఘం
తీయను బాబ్జీ. ఐదు పెడతాను.

ఒక సందేహం. అంచుల మీద పూలు పెట్టేబదులు పక్క వరసని సగం కిందికి దింపితే, అంటే హాఫ్ డ్రాప్ చేస్తే దారులు పోవా? ఇల్లస్ట్రేటర్‌లో ఆ ఆప్షన్ ఎక్కడుందో కూడా కనపళ్లేదు.

పిక్సెల్‌పంతులు
ఇది నాకు బాగా తెలుసు. Object > Pattern > Make తెరవండి. Tile Type లో Brick by Column పెడితే అదే హాఫ్ డ్రాప్. పక్కనున్న Brick by Row అయితే వరసలు అడ్డంగా జరుగుతాయి, ఇటుకల గోడలాగా. పేరులో డ్రాప్ అనే మాట లేకపోయేసరికి చాలామంది వెతుక్కుంటారు.

రోటరీ_రావు
పంతులుగారు చెప్పింది సరే. హాఫ్ డ్రాప్ వల్ల అడ్డదారి విరిగిపోతుంది, ఎందుకంటే పక్క నిలువులో అదే ఎత్తులో పువ్వు వచ్చి కూర్చుంటుంది. నిలువు దారి మాత్రం అలాగే ఉంటుంది, పైనుంచి కిందదాకా. చీర, కర్టెన్ లాంటి వాటిలో అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి అంచు ఖాళీకి హాఫ్ డ్రాప్ మందు కాదు. అది చేసే మేలు ఇంకోటి. చిన్న టైల్‌తోనే పెద్ద రిపీట్ ఉన్న భ్రమ కలిగిస్తుంది.

మిల్లుకి పంపేటప్పుడు హాఫ్ డ్రాప్‌ని మామూలు రిపీట్‌గా విప్పి ఇవ్వండి. 32 టైల్ అయితే అడ్డం 64, నిలువు 32 వస్తుంది. నిలువు 32 కాబట్టి గొట్టం మీద సరిపోతుంది. అదే ఇటుక వరస అయితే నిలువు రెట్టింపవుతుంది, 64. అదీ సరిపోతుంది. 48 లాంటి టైల్‌తో ఇవేవీ కుదరవు.

నాకు అంతకన్నా నచ్చేది ఐదు గళ్ల పద్ధతి. శాటిన్ నేతలో ముడులు ఎలా చెదరగొడతారో అది. 32 సెం.మీ. చదరాన్ని ఐదు నిలువులు, ఐదు వరసలు చేయండి. ఒక్కో గడి 6.4 సెం.మీ., అంటే సరిగ్గా 640 పిక్సెల్స్. మొదటి నిలువులో పువ్వు ఒకటో వరసలో, తర్వాతి నిలువుల్లో వరసగా మూడు, ఐదు, రెండు, నాలుగు. ప్రతిసారీ రెండు వరసలు దిగాలి, ఐదు దాటితే పైకి వచ్చి లెక్కపెట్టాలి. ఐదు పూలు, ఏ రెండూ ఒకే వరసలో గానీ ఒకే నిలువులో గానీ ఉండవు. పక్క పువ్వుకి దూరం 14 సెం.మీ. పైచిలుకు వస్తుంది. 7.35 పువ్వు పెట్టినా మధ్యలో ఇంకో ఏడు సెంటీమీటర్లుంటుంది, ఆకులు, మొగ్గలు అక్కడ. తర్వాత ఒక్కో పువ్వుని ఒక్కో వైపు తిప్పండి. కమలగారి ఒక దిక్కు గొడవ కూడా దాంతో తీరుతుంది.

టెక్స్‌టైల్_తేజ
రావుగారితో కొంచెం విభేదిస్తాను. ఐదు గళ్లలో ప్రతి పువ్వు చుట్టూ నాలుగు పూలు సమాన దూరంలో వస్తాయి. అంటే అది కూడా గళ్లే, కాకపోతే ఒరిగిన గళ్లు. నేను కాలేజీ ప్రాజెక్టులో ఐదుతో చేస్తే దూరం నుంచి ఏటవాలు చారలు వచ్చాయి. ఏడు గళ్లు గానీ ఎనిమిది గళ్లు గానీ తీసుకుంటే మెరుగు.

రోటరీ_రావు
తేజ చెప్పింది నిజమే, ఐదుకి ఆ ఒరుగు ఉంది. పూలన్నీ ఒకే బొమ్మ, ఒకే వాటం అయితే తప్పకుండా బయటపడుతుంది. గడి మధ్యలో పెట్టకుండా ఒక్కోదాన్ని అర సెంటీమీటరు నుంచి ఒకటిదాకా అటూ ఇటూ జరపాలి. ఏడు గళ్లు చేస్తే 32లో గడి నాలుగున్నర సెంటీమీటర్లే, ఏడు పూలు పడతాయి. ఆవిడకి పెద్ద పువ్వు కావాలి కాబట్టి గుడ్డ కిక్కిరిసిపోతుంది. 64 టైల్ తీసుకుని ఏడు గళ్లు చేస్తే మాత్రం నేనూ సరే అంటాను. పని నాలుగింతలవుతుంది, అంతే.

టెక్స్‌టైల్_తేజ
64లో ఏడు చేయమనే నా మాట. 1500 మీటర్ల గుడ్డకి ఆ పని చేయొచ్చు.

నీలిమేఘం
గడువు వచ్చే వారమే తేజా. ఈసారికి ఐదు గళ్లతో చేసి చూస్తాను.

ఖాళీలు సమానంగా ఉంచాలంటే ఎక్కడినుంచి కొలవాలి? పువ్వు మధ్య నుంచి మధ్యకి కొలిస్తే ఒకచోట ఇరుకు, ఒకచోట ఎడారి వస్తోంది.

రోటరీ_రావు
మధ్యల్ని మర్చిపోండి. కంటికి కనిపించేది నీలం ఖాళీ, దాన్నే చూడాలి. బొమ్మలన్నిటినీ నల్లగా నింపేయండి, నేల తెల్లగా ఉంచండి. మూడు మూడు పేర్చి, చిన్నది చేసి, కళ్లు సగం మూసి చూడండి. తెల్ల మరకలు ఎక్కడ పెద్దగా ఉన్నాయో, ఎక్కడ ఒకదానికొకటి గొలుసు కడుతున్నాయో తెలుస్తుంది. ఆ గొలుసు తెగేచోట ఒక మొగ్గ పెట్టండి. ఖాళీలన్నీ ఒకే కొలతలో ఉండక్కర్లేదు, గొలుసు కట్టకపోతే చాలు.

గోడలరాజు
గోడ కాగితం వైపు నుంచి నేనొక మాట చెప్పాలి. హాఫ్ డ్రాప్ అని డిజైనర్లు సరదా పడతారు, నష్టం మా దగ్గర తెలుస్తుంది. మామూలుగా వచ్చే రోల్ 53 సెం.మీ. వెడల్పు, 10.05 మీటర్ల పొడవు. మొన్న పనిలో గోడ ఎత్తు 10 అడుగులు. పైనా కిందా కోతకి కాస్త కలిపి పట్టీకి 315 సెం.మీ. కావాలి. రిపీట్ 64.

మామూలు రిపీట్ అయితే మొదటి పట్టీ 0 దగ్గర, రెండోది 320 దగ్గర, మూడోది 640 దగ్గర మొదలవుతుంది. మూడోది 955లో అయిపోతుంది. రోల్‌కి మూడు పట్టీలు. అదే హాఫ్ డ్రాప్‌లో రెండో పట్టీ 32 జరిగి మొదలవ్వాలి, అంటే 352 దగ్గర. మూడోది 704 దగ్గర మొదలై 1019 దాకా కావాలి. రోల్ ఉన్నది 1005. పద్నాలుగు సెంటీమీటర్ల కోసం మూడు మీటర్లు చెత్తలోకి.

నీలిమేఘం
అయ్యో, మరి ఇంటివాళ్లకి ఏం చెప్పారు?

గోడలరాజు
ఏం చెప్పలేదు, రెండు రోల్స్ ఒకేసారి విప్పాను. ఒక రోల్ నుంచి 1, 3, 5 పట్టీలు మాత్రమే కోశాను. అవన్నీ ఒకే చోట మొదలవుతాయి కాబట్టి 0, 320, 640. ఇంకో రోల్ మొదట్లో 32 తీసేసి 2, 4, 6 పట్టీలు. అవి 32, 352, 672, చివరిది 987లో అయిపోతుంది. రెండు రోల్స్‌కి ఆరు పట్టీలు వచ్చాయి. అన్ని గోడలకీ ఇది కలిసిరాదు, ఎత్తు ఇంకో అడుగు పెరిగితే రోల్‌కి రెండే. డిజైన్ చేసేవాళ్లు 64కి బదులు 53 లాంటి చిన్న రిపీట్ ఇస్తే మాకు చాలా మేలు.

టెక్స్‌టైల్_తేజ
ఇది మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. రాసి పెట్టుకుంటున్నాను.

నీలిమేఘం
ఇక రంగుల సంగతి. నా 11 ఇవి: నేల నీలం, పువ్వు తెలుపు, రేకుల నీడకి రెండు బూడిద నీలాలు, ఆకులకి నాలుగు పచ్చలు, పువ్వు మధ్య పసుపు, మొగ్గకి మీగడ రంగు, పురుగు ఎరుపు. ఏది తీసినా ఏదో పోయినట్టుంది.

పెడన_కుర్రాడు
మా దగ్గర ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు, ఒక్కోసారి ఒక్కో ఉడకబెట్టడం, ఉతకడం. అందుకని రంగు పెంచాలంటే పదిసార్లు ఆలోచిస్తారు. నలుపు, ఎరుపు, నీలం, పసుపు ఉంటే చాలు. నీలం మీద పసుపు పడ్డచోట ఆకుపచ్చ వచ్చేస్తుంది, దానికి వేరే రంగు అక్కర్లేదు. మీక్కూడా అలా కుదరదా?

రోటరీ_రావు
తమ్ముడూ, ఒక రంగు మీద ఇంకోటి వేసి మూడోది రాబట్టడం ఇక్కడా ఉంది. కానీ ఆవిడ నేల నీలం మరీ ముదురు, దాని మీద పసుపు వేస్తే పచ్చ రాదు, మురికి వస్తుంది. లేత రంగుల దగ్గరే ఆ కిటుకు పనిచేస్తుంది, అదీ నమూనా తీసి చూశాకే.

నీలిమేఘంగారూ, మొదట తెలుపుని లెక్కలోంచి తీసేయండి. తెలుపు గుడ్డే. నీలం స్క్రీన్‌లో పువ్వు ఉన్నచోట మూసి ఉంటుంది, గుడ్డ తెల్లగా మిగులుతుంది. దానికి స్క్రీన్ అక్కర్లేదు. మిల్లు వాళ్లు 6 అన్నది సాధారణంగా స్క్రీన్ల లెక్క, ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి. అలాగైతే మీవి 10. నీడకి ఒక బూడిద నీలం చాలు. రెండో నీడని అదే రంగుతో సన్న గీతలుగా వేయండి, గీతల మధ్య తెల్ల గుడ్డ కనిపించి లేతగా అనిపిస్తుంది. ఆకులకి ముదురు పచ్చ, లేత పచ్చ. మధ్య రంగు కావాలంటే లేత పచ్చ మీద ముదురు పచ్చ గీతలు. మొగ్గ మీగడ రంగు తీసేసి తెలుపు మీద పసుపు చుక్కలు. ఇప్పుడు నీలం, బూడిద నీలం, రెండు పచ్చలు, పసుపు, ఎరుపు. ఆరు. పురుగు కూడా బతికింది.

గీతలు మరీ సన్నగా పెట్టకండి. మా యూనిట్లో రంగు గీత 0.3 మి.మీ. కంటే సన్నం తీసుకునేవాళ్లం కాదు. రంగు మధ్య వదిలిన తెల్ల గీత అయితే అర మి.మీ. ఉండాలి, ఎందుకంటే పేస్ట్ రెండు పక్కల నుంచీ పాకి మూసేస్తుంది. ఆకు ఈనెలు తెల్లగా వదిలారేమో చూసుకోండి. అందుకే 21.33కి తగ్గించాలంటే బొమ్మని ఊరికే కుదించకూడదు. రంగుతో గీసిన 0.4 మి.మీ. ఈనె 0.28 అయి మాయమవుతుంది, ఈనెలు మళ్లీ గీయాలి.

రెండు రంగులు ఆనుకునే చోట కాస్త ఒకదాని మీదికి ఒకటి ఎక్కనివ్వండి. గుడ్డ మెషిన్‌లో సాగుతుంది, స్క్రీన్ వెంట్రుకవాసి జరిగినా మధ్యలో తెల్ల సందు తేలుతుంది. నీలాన్ని ఆకు అంచు మీదికి అర మిల్లీమీటరు లోపు ఎక్కించండి, నీలం ముదురు కాబట్టి ఆ అతుకు కనపడదు.

పిక్సెల్‌పంతులు
ఒక జాగ్రత్త నేనూ చెప్తాను. ఫోటోషాప్‌లో మామూలు బ్రష్‌తో గీస్తే అంచుల దగ్గర తెలుపుకీ నీలానికీ మధ్య రంగులు బోలెడు పుడతాయి. మనకి ఆరు కనిపిస్తాయి, ఫైల్‌లో వందలుంటాయి. Image > Mode > Indexed Color లో రంగులు మీరే ఎంచుకుని, Dither ని None చేయండి. తర్వాత గీయాల్సి వస్తే పెన్సిల్ టూల్ మాత్రమే వాడండి. సైజు మార్చడాలన్నీ దీనికి ముందే అయిపోవాలి.

ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే లెక్క ఇలా చూడొచ్చు. మొదటిది ఎన్ని రంగులో చెప్తుంది, రెండోది పేర్చి చూపిస్తుంది.

```
magick identify -format "%k\n" tile.png
magick -size 9600x9600 tile:tile.png preview.png
```

రోటరీ_రావు
ఇది నాకు తెలీదు పంతులుగారూ. మేం కళ్లతో లెక్కపెట్టేవాళ్లం.

నీలిమేఘం
అన్నీ మళ్లీ చేశాను. 3200 టైల్, ఐదు గళ్లు, ఐదు పూలు ఐదు వైపులా. ఒక పువ్వు మూల మీద, ఇంకోటి పై అంచు మీద పడేట్టు మొత్తాన్ని జరిపాను. గుమ్మం దగ్గర్నుంచి చూస్తే దారులు లేవు. తేజ చెప్పిన ఏటవాలు మాత్రం కొంచెం ఉంది. పూలు జరిపాక తగ్గింది, పూర్తిగా పోలేదు.

రంగుల లెక్క 7 అని వచ్చింది. భయపడ్డాను, తర్వాత తెలుపుని కూడా లెక్కపెడుతోందని అర్థమైంది. మిల్లుని అడిగాను, 6 అంటే స్క్రీన్లే.

కమలగారూ, కాగితాలు పిన్ను పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. 7.35 నాకు ఇంకా బాగుంది. మా అక్కకి 4.9 నచ్చింది.

కత్తెర_కమల
అక్క మాట వినండి. పోనీ పెద్దదే వేయండి, కానీ దుపట్టాకి, పలాజోకి అమ్మమనండి. కుర్తీకి మాత్రం నేను ఇప్పటికీ వద్దనే అంటాను.

టెక్స్‌టైల్_తేజ
ఆ ఏటవాలు మీద ఆకుల వాటం చూడండి. ఆకులన్నీ అదే వైపు వాలి ఉంటే అవే గీత గీస్తాయి. కొన్నిటిని ఎదురు తిప్పండి.

రోటరీ_రావు
తేజ మాట చేసి చూడండి, బాగుంది. మిల్లు నమూనా తీసినప్పుడు అర మీటరు ముక్క పంపితే ఒప్పుకోకండి. గొట్టం మూడు చుట్లు తిరిగిన గుడ్డ, అంటే రెండు మీటర్లు, పూర్తి పన్నాతో అడగండి. 64 దగ్గర అతుకు ఉంటే అందులో రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. దాన్ని ఒకసారి ఉతికి, ఆరేసి, దండెం మీదే దూరం నుంచి చూడండి. నీలం తెల్ల పువ్వులోకి దిగుతోందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. దిగితే స్క్రీన్లు మార్చక్కర్లేదు, ముందు వాళ్లు రంగు స్థిరపరిచి ఉతికే పని సరిగా చేశారో లేదో అడగండి.